నాయకుడు కిలోకు ఎన్ని వాట్లు?

మా సైకిల్ జట్టులో నాయకుణ్ణి ఎన్నుకునే పద్ధతి ఈ మధ్య రైతుబజారు పద్ధతికి వచ్చింది. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాలు పందేలకు వెళ్లే మా ఎనిమిది మందికి ఒక కెప్టెన్ గారు, ఆయనకొక ఎక్సెల్ షీటు ఉన్నారు. ఇరవై నిమిషాలు ప్రాణాలు ఉగ్గబట్టి తొక్కగా వచ్చిన సగటు వాట్లలో 95 శాతాన్ని ఒంటి బరువుతో భాగించిన అంకె ఒక గడిలో, నంది హిల్స్ ఎక్కిన సమయం పక్క గడిలో ఉంటాయి. పై వరుసలో ఉన్నవాడు నాయకుడు, మధ్యవాళ్లు ముందు తొక్కుతూ వాడికి గాలి తగలకుండా కాచేవాళ్లు, అడుగున ఉన్నవాడు నీళ్ల సీసాలు మోసేవాడు. జాతకం చెప్పేవాడైనా నక్షత్రంతో పాటు పాదం కూడా అడుగుతాడు.

తూకం కొండ కింద టీ బడ్డీ దగ్గర, తెల్లవారుజామున జరుగుతుంది. కెప్టెన్ గారు ఇంటి నుంచి తెచ్చిన బరువు మిషనును చదునైన బండ కోసం వెతికి వెతికి పెడతారు. అభ్యర్థులు ఒక్కొక్కరే పొదల వెనక్కి వెళ్లివచ్చి, బూట్లు విప్పి, హెల్మెట్ తీసి, ఊపిరి వదిలి మరీ దాని మీదకు ఎక్కుతారు. కిందటి నెల ఒకాయన పెళ్లి ఉంగరం కూడా తీసి నా చేతిలో పెట్టారు. పక్కనే ఉడుకుతున్న ఇడ్లీల వంక ఎవరూ చూడరు, ఎందుకంటే నాయకత్వానికీ రెండిడ్లీలకూ మధ్య దూరం దశాంశ బిందువు తర్వాత రెండో అంకె మాత్రమే. ఇంత నిష్ఠతో తూచిన బరువు కింద హారం అవుతుంది. పైన లవంగా నిలబడే వాట్లు మాత్రం ఎడమ పెడల్ ఒక్కదాన్నే కొలిచి, కుడికాలు కూడా అంతే శ్రమించి ఉంటుందన్న నమ్మకంతో రెట్టింపు చేసే మీటరు నుంచి వస్తాయి.

షీటులో మొదటివాడు 56 కిలోలు, 224 వాట్లు, అంటే కిలోకు 4. చివరివాడు 80 కిలోలు, 296 వాట్లు, అంటే కిలోకు 3.7. తేడా ఏడు శాతం పైనే. అయితే కొండ ఎక్కేది మనిషి ఒక్కడే కాదు, సైకిలు, బూట్లు, నీళ్లు కలిపి మరో తొమ్మిది కిలోలు ఇద్దరితోనూ ఎక్కుతాయి. వాటిని కూడా కలిపి భాగిస్తే తేడా మూడున్నర శాతానికి దిగుతుంది. ఏడు కిలోమీటర్ల ఎక్కుడులో అది నిమిషం లోపే. అదే చదును రోడ్డు మీద అడ్డొచ్చేది బరువు కాదు, గాలి. బక్కవాడి ఛాతీ సగం కాదు, వాట్లు మాత్రం 72 తక్కువ. అందుచేత నీళ్ల సీసాల ఆసామి గంటకు కిలోమీటరుకు పైగా వేగంగా పోతాడు.

2022 టూర్ డి ఫ్రాన్స్ పందెంలో ఓటకామ్ కొండ మీద ప్రత్యర్థి పొగాచర్‌ను వెనక్కి నెట్టేలా వేగం పెంచినవాడు, జట్టు నాయకుడు వింగెగార్డ్‌కు సహచరుడు వాన్ ఆర్ట్. డెబ్బై ఎనిమిది కిలోలు అటూ ఇటూ ఉండే ఆయన ఆ రోజంతా ముందు గుంపులో తొక్కి వచ్చి మరీ ఆ పని చేశాడు. మా షీటులో ఆయనకు సీసాల పని దొరికి ఉండేది.

కిందటి పందెం తొంభై కిలోమీటర్లు, ఎనభైయవ కిలోమీటరు దగ్గర ఒక కొండ. యాభై దాటాక పక్కగాలి లేచింది, గుంపు ఏటవాలుగా సాగి రెండు ముక్కలైంది. 80 కిలోల మనిషి ముందు ముక్కలో హాయిగా ఉన్నాడు. మా నాయకుడు రోడ్డు అంచున, ఎవరి నీడా దొరకక, వెనక ముక్కలో పడ్డాడు. షీటు ప్రకారం ముందున్నవాడు ఆగాలి. ఆగాడు. నాయకుణ్ణి వీపు చాటున పెట్టుకుని పదిహేను కిలోమీటర్లు లాగి, కొండ మొదట్లో పూర్తిగా అయిపోయాడు. నాయకుడు కొండ బ్రహ్మాండంగా ఎక్కాడు, ముందు గుంపు దాటిపోయిన నాలుగు నిమిషాలకు. కెప్టెన్ గారు సాయంత్రం బరువైనాయన పేరు పక్కన "ఎక్కుడులో బలహీనం" అని రాశారు. అంత దూరం గాలిలో అరిగిన కాళ్ల లెక్క, పొద్దున తాజాగా తొక్కిన ఇరవై నిమిషాల పరీక్షలో ఎక్కడ కనిపిస్తుందండీ?

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మా జట్టులో పంతొమ్మిదేళ్ల పిల్లాడొకడు ఉన్నాడు. వాట్లు పెంచాలంటే నెలలు పడుతుంది, కిలోలు తగ్గాలంటే రాత్రిపూట అన్నం మానేస్తే చాలునని ఆ షీటే వాడికి నేర్పింది. రెండు నెలల్లో 58 నుంచి 53కు దిగాడు, వాట్లు 230 నుంచి 205కు పడ్డాయి. భాగించి చూడండి, 3.97 కాస్తా 3.87 అయింది. కడుపు మాడ్చుకున్నందుకు వాడికి దక్కింది మెట్ల మీద కళ్లు తిరగడం, తగ్గని జలుబు, ఇంకాస్త చిన్న అంకె. ఆ గడిని చూసి కెప్టెన్ గారు అన్న మాట, "ఇంకో రెండు కిలోలు తగ్గరా, నాలుగు దాటుతావు." సిగ్గుండాలి. పెరిగే వయసు పిల్లాడి అన్నం మీద లెక్క కట్టడానికి ఆయనెవరు, ఆ షీటెవరు?

ఆ బరువు మిషను ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఆయన మూడుసార్లు అడిగారు. బ్యాటరీ తీసేశాను.