ఆయాసపడే ప్రతివాడికీ "నిదానంగా, లోతుగా పీల్చు" అని చెప్పే పెద్దమనుషులకు

ఇప్పుడే ఛాతీ వార్డు నుంచి బయటికొచ్చా. ఒంగోల్లో ఈ ఎండకి ఒళ్ళు మండడం మామూలే గానీ ఇవాళ మండింది ఎండకి కాదు. నేను ఫిజియోథెరపిస్టునని ఇక్కడ చాలామందికి తెలుసు. ఊపిరి ఆడనివాళ్ళ మంచం పక్కన నిలబడి పనిచేయడమే నా ఉద్యోగం. కాబట్టి దీన్ని ఊరికే అరిచే పోస్టని వదిలేయకుండా చివరిదాకా చదవండి.

కిటికీ పక్క మంచం మీద చీమకుర్తి క్వారీలో ఏళ్ళ తరబడి డ్రిల్లు పట్టిన మనిషి ఉన్నాడు. రాతి దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. జబ్బు పేరు సిలికోసిస్. ఆయన్ని చూడ్డానికి చుట్టాల్లో ఒక పెద్దమనిషి వచ్చాడు. ఎక్కడో శ్వాస క్లాసులు చెప్తాడట. వచ్చినవాడు పండ్లిచ్చి కూర్చోకుండా మంచం పక్కన గురువు లెక్క నిలబడి, "అట్లా కుక్కలాగా రొప్పకూడదు మామా, నిదానంగా లోతుగా లాగు, ఆరు లెక్కపెట్టు, పట్టు, వదులు" అని మొదలుపెట్టాడు. ఆ మనిషి మొహమాటానికి లాగాడు. నేను వెళ్ళేసరికి మెడ నరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది, నుదుటి మీద చెమట. ఆక్సిజన్ 93 ఉండేది 86కి వచ్చింది. భార్య చేతులు నలుపుకుంటా, "మేడమ్, మంచికే చెప్తున్నారనుకున్నాం" అంటోంది.

ఇంతటితో ఆగితే నేను పోస్టు రాసేదాన్ని కాదు. అదే పెద్దమనిషి పక్క మంచానికి వెళ్ళాడు. అక్కడ టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసిన తాత. పొగ, దానికి తోడు చుట్ట. గాలి గొట్టాలు సన్నబడిపోయి, సీఓపీడీ. ఆ తాతకేమో, "నువ్వు గబగబా వదలాలి తాతా, టక టక టక, పొట్ట లోపలికి కొట్టు" అని కపాలభాతి! అంటే నిదానం కావాల్సినవాడికి వేగం నేర్పాడు, వేగం కావాల్సినవాడికి నిదానం నేర్పాడు. రెండు మంచాల దగ్గరా సరిగ్గా తిరగేసి చెప్పాడు. చేతులెత్తి దండం పెట్టి బయటికి పంపించా. "ప్రాణాయామాన్ని అవమానిస్తున్నారు" అన్నాడు. నేను అవమానించలేదు. మా నాన్న రోజూ చేస్తాడు, బాగానే ఉన్నాడు. ఆరోగ్యంగా ఉన్నవాడు ఎట్లా పీల్చినా చెల్లుతుంది. జబ్బు ఊపిరితిత్తికి చెల్లదు.

ఎందుకు చెల్లదో చెప్తా. గాలి లోపలికి తీసుకోవడం అంటే పని. ఆ పనిలో రెండు రకాల ఖర్చులున్నాయి. ఊపిరితిత్తి రబ్బరులా సాగే గుణమున్నది. దాన్ని సాగదీయడానికి ఒక ఖర్చు. గాలి గొట్టాల్లో రాపిడిని దాటించడానికి ఇంకో ఖర్చు. సాగదీత ఖర్చు శ్వాస ఎంత లోతుంటే అంత, అది కూడా మామూలుగా కాదు, లోతు రెట్టింపైతే ఒక్కో శ్వాసకి ఖర్చు నాలుగింతలు. రాపిడి ఖర్చు గాలి ఎంత వేగంగా పోతే అంత. మంచిగా ఉన్నవాళ్ళలో ఈ రెండూ కలిపి అతి తక్కువయ్యే చోటు నిమిషానికి సుమారు 15 శ్వాసల దగ్గర పడుతుందని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఓటిస్, ఫెన్, రాన్ అనే ముగ్గురు 1950లోనే లెక్కగట్టారు. మన శరీరం ఆ లెక్క ఎవరూ చెప్పకుండానే చేసుకుంటోంది. ఆ క్వారీ మనిషి ఒళ్ళూ చేసుకుంది. చుట్టం వచ్చి చెరిపాడు.

ఆ క్వారీ మనిషి లెక్కే చూద్దాం. ఇవి నేను అర్థం కావడానికి తీసుకున్న గుండ్రటి అంకెలు. మనం పీల్చే ప్రతి శ్వాసలో 150 మిల్లీలీటర్ల దాకా గొంతులోనూ గొట్టాల్లోనూ ఉండిపోతుంది, రక్తాన్ని చేరదు. దాన్ని డెడ్ స్పేస్ అంటారు. 500 పీలిస్తే పనికొచ్చేది 350. నిమిషానికి 15 సార్లు అంటే 5 లీటర్ల పైచిలుకు. ఈ పనికొచ్చే గాలి తగ్గకూడదు. అది అట్లాగే ఉంచి, ఎట్లా పీలిస్తే తక్కువ కష్టమన్నదే ప్రశ్న.

ఆరోగ్యవంతుడికి 500 మిల్లీలీటర్లు సాగదీయడానికి 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి చాలు, అంటే బోండాంలో స్ట్రా పెట్టి నీళ్ళని 5 సెంటీమీటర్లు పైకి లాగినంత. గట్టిపడ్డ ఊపిరితిత్తికి దానికి నాలుగింతలు కావాలనుకోండి, 20 సెంటీమీటర్లు. చుట్టం చెప్పినట్టు నిమిషానికి 8 సార్లు పీల్చాలంటే ఒక్కో శ్వాస 800 మిల్లీలీటర్లుండాలి. దానికి 32 సెంటీమీటర్ల ఒత్తిడి. నిమిషానికి 8 సార్లే అయినా, ఒక్కోసారీ 32 సెంటీమీటర్లు గుంజాలి! అదే 300 మిల్లీలీటర్లు పీలిస్తే 12 సెంటీమీటర్లు చాలు, కాకపోతే 35 సార్లు పీల్చాలి. పనిని జౌళ్ళలో కొలుస్తారు. సాగదీత పని మొత్తం నిమిషానికి ఎంతయిందో చూస్తే, నిదానంగా లోతుగా పీలిస్తే దాదాపు 10 జౌళ్ళు, మామూలుగా 15 సార్లయితే 7.4, గబగబా చిన్నగా 35 సార్లయితే 6.2. ఇప్పుడు చెప్పండి, ఆయన రొప్పడం అలవాటు తప్పా? ఉన్నదాంట్లో తక్కువ ఖర్చు దారి అది.

మరీ చిన్నగా పీల్చినా నష్టమే. 200 మిల్లీలీటర్లకి దిగితే పనికొచ్చేది 50 మాత్రమే, నిమిషానికి 105 సార్లు కావాలి, ఖర్చు మళ్ళీ 8 జౌళ్ళు దాటుతుంది. సాగదీత ఒక్కదాన్నే చూస్తే అన్నిటికన్నా చవకైన శ్వాస డెడ్ స్పేస్‌కి సరిగ్గా రెట్టింపు, 300. మనిషి అంకెలు చూసి పీల్చడు, కండరాలకి పడే బరువూ ఊపిరితిత్తుల నుంచి మెదడుకి పోయే నరాల కబుర్లూ కలిసి ఆ దగ్గరికి తీసుకొస్తాయి. కండరం చేసే పనికన్నా దానిమీద పడే బలాన్నే శరీరం తక్కువ చేసుకుంటుందని మీడ్ అనే శాస్త్రవేత్త 1960లో వాదించాడు. ఎటు తీసుకున్నా క్వారీ మనిషికి లోతు శ్వాస అంటే శిక్ష.

ఇక పొగాకు తాత కథ పూర్తిగా వేరు. ఆయన ఊపిరితిత్తి గట్టిగా లేదు, పైగా సాగిపోయి వదులైపోయింది. కష్టమంతా గొట్టాల్లో. గొట్టం వ్యాసం సగమైతే, గాలి సాఫీగా పోతున్నప్పుడు కూడా రాపిడి 16 రెట్లవుతుంది. గాలి సుడులు తిరిగితే ఇంకా ఎక్కువ. అందుకే ఆయన గాలిని తొందరపెట్టకూడదు. నిమిషానికి 35 సార్లు పీలిస్తే డెడ్ స్పేస్‌తో కలిపి పదిన్నర లీటర్లు గొట్టాల్లోంచి తోలాలి. 10 సార్లు లోతుగా పీలిస్తే ఆరుముప్పావు లీటర్లు చాలు. రాపిడి పని వేగానికి వర్గంలా పెరుగుతుంది కాబట్టి గబగబా పీల్చడానికి రెండున్నర రెట్లకి దగ్గరగా ఖర్చు పడుతుంది.

అసలు ప్రమాదం వదలడంలో ఉంది. మనకి పీల్చిన గాలి దాదాపు మొత్తం బయటికి పోవడానికి అర సెకను పైన కొంచెం చాలు. గట్టి ఊపిరితిత్తి దానంతటదే ముడుచుకుంటుంది, అందులో నాలుగో వంతు చాలు. అందుకే క్వారీ మనిషి ఎంత గబగబా పీల్చినా గాలి లోపల చిక్కదు. తాతకి అదే పనికి 3 సెకన్లు పట్టొచ్చు. 35 సార్లు పీల్చేవాడికి వదలడానికి దొరికేది ఒక్క సెకను. మూడో వంతుకి పైగా లోపలే ఉండగానే మళ్ళీ పీల్చాలి. అట్లా గాలి మీద గాలి పేరుకుని ఛాతీ పీపాలా ఉబ్బుతుంది, కింద ఊపిరి లాగే కండరం డయాఫ్రమ్ చదునైపోయి లాగడానికి పట్టు దొరకదు. అందుకే తాతకి నేను నేర్పేది వేరు. ముక్కుతో నిదానంగా పీల్చి, పెదాలు సున్నా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలమంటా. పెదాల దగ్గర పడే ఆ చిన్న ఒత్తిడి గొట్టాలు మూసుకుపోకుండా పట్టుకుంటుంది. మోకాళ్ళ మీద చేతులానించి ముందుకి వంగి కూర్చుంటాడు చూడండి, అదీ ఎవరూ నేర్పలేదు.

చూసేవాళ్ళు తేడా పట్టడం కష్టమేం కాదు. గొట్టాల జబ్బులో వదలడం సాగుతుంది, ఈల వినిపిస్తుంది. గట్టి ఊపిరితిత్తిలో మామూలుగా ఈల ఉండదు, వీపు కింది భాగంలో స్టెతస్కోపు పెడితే పీల్చేటప్పుడు సన్నటి పటపట శబ్దం వినపడొచ్చు. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు, రాయి కొట్టే చాలామందికి బీడీ కూడా ఉంటుంది. అప్పుడు పరీక్ష చేసినవాళ్ళే చెప్పాలి. ఇంకొకటి, తాతలాంటివాళ్ళు ఉన్నట్టుండి చిన్న చిన్నగా రొప్పడం మొదలుపెట్టినా, ఈల ఆగిపోయి మనిషి మత్తుగా అయినా అది తేలిక పడ్డట్టు కాదు. కండరాలు అలిసిపోయాయని. అప్పుడు శ్వాస పాఠం చెప్పకండి, వెంటనే డాక్టర్ని పిలవండి.

నా అసలు మంట మాత్రం ఆ చుట్టం మీద కూడా కాదని ఇంత రాశాక తెలుస్తోంది. ఈ క్వారీ మనిషి మా దగ్గరికి రాకముందు మూడు చోట్ల తిరిగాడు. కఫంలో క్రిమి కనపడకపోయినా ప్రతిచోటా టీబీ మాత్రలే. సిలికోసిస్ ఉన్నవాడికి టీబీ త్వరగా వస్తుంది, ఆ అనుమానం తప్పు కాదు, పరీక్ష చేయాల్సిందే. కానీ "ఏం పని చేస్తావు" అని ఒక్కరూ అడగలేదు! కేసు షీట్లో వృత్తి అన్నచోట "కూలీ" అని రాసి ఉంది. పొలం కూలీయా, బేల్దారి కూలీయా, డ్రిల్లు కూలీయా? డ్రిల్లు నోట్లో నీళ్ళు పోస్తూ తొలిస్తే దుమ్ము చాలా వరకు లేవదు, అది కొత్త సంగతేం కాదు. "నీళ్ళు పెడితే పని లేటవుతుందని పొడిగానే కొట్టమనేవాళ్ళు మేడమ్, మూతికి తువ్వాలు చుట్టుకునేవాళ్ళం" అన్నాడు. ఊపిరితిత్తి లోపలికి దిగే సిలికా ధూళి కంటికి కనపడనంత సన్నం. తువ్వాలు దాన్ని ఆపదు. ఒకసారి లోపల మచ్చ కట్టిందంటే దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. పని మానినా ముదరొచ్చు.

ఆయన తమ్ముడు ఇవాళ్టికీ అదే డ్రిల్లు మీద ఉన్నాడు. దగ్గు లేదు కాబట్టి ఏమీ లేదంటున్నాడు. దగ్గు, ఆయాసం రాకముందే ఎక్స్‌రేలో చుక్కలు కనపడొచ్చని చెప్పి, సోమవారం రమ్మన్నా. "ఒక రోజు కూలి పోతుంది మేడమ్" అన్నాడు. చీమకుర్తి, బల్లికురవ వైపు ఉన్న మన ఫాలోయర్లు, మీ ఇళ్ళల్లో డ్రిల్లు, కటింగు, పాలిషింగు పనిచేసేవాళ్ళుంటే ఛాతీ ఎక్స్‌రే తీయించండి. డాక్టరు అడగకపోయినా మీరే ముందు "రాయి పని" అని చెప్పి, షీట్లో ఆ మాట రాసేదాకా అక్కణ్ణించి కదలకండి.