కోడి, కోళి, కోరి: ఒకేలా వినిపిస్తే చుట్టరికం అయిపోదు

మా హనుమకొండలో నలుగురు కూర్చుని భాష గురించి మాట్లాడితే, ఒకరు తప్పకుండా అంటారు: "ఈ మాట తమిళంలో కూడా ఉంది, అంటే తెలుగు తమిళం నుంచే పుట్టింది." ఇంకొకరు నాలుగు సంస్కృత పదాలు చూపించి తెలుగు మొత్తాన్నీ అక్కడికే కట్టేస్తారు. నాకు విన్న ప్రతిసారీ కోపమే వస్తుంది. రెండు మాటలు దగ్గరగా వినిపించినంత మాత్రాన ఏదీ రుజువు కాదు. భాషా చరిత్ర రాసేవాళ్లు ముఖ్యంగా పట్టించుకునేది మాటల మధ్య తేడాని. ఆ తేడా మాట తర్వాత మాటలో ఒకే పద్ధతిలో వస్తుందా లేదా అని చూస్తారు.

మన కోడినే తీసుకోండి. కన్నడంలో అది కోళి. తుళులో కోరి, మంగళూరు వైపు కోరి రొట్టి తిన్నవాళ్లకు తెలిసిన మాటే. ఆదిలాబాద్ గోండులు కోర్ అంటారు, ఒడిశాలోని కుయి భాషలో కోజు. తమిళ మలయాళాల్లో కోఴి. (ఆ అక్షరం మీ ఫోన్‌లో డబ్బాలా కనిపిస్తే తప్పు ఫాంట్‌ది. తమిళులు తమ భాష పేరు చివర నాలుకను వెనక్కి మడిచి, పైన తగలనీయకుండా పలికే ధ్వని అది.) "కో" అందరిలోనూ ఒకటే. గొడవంతా రెండో హల్లు దగ్గరే.

అసలు ధ్వని ఏది? ఓట్లు లెక్కపెట్టి తేల్చే పని కాదిది. మన "డ" పాతది అనుకుందాం. అప్పుడు కన్నడంలో "ళ" ఎందుకొచ్చింది? మన నాడు కన్నడంలోనూ నాడే, అక్కడ "డ" చెక్కుచెదరలేదు కదా. పోనీ "ళ" పాతది అనుకుందామంటే, కన్నడ కళ్ళు మనకు కల్లు, కన్నడ ముళ్ళు మనకు ముల్లు. కన్నడ "ళ"కి మన దగ్గర "ల" వస్తోంది, "డ" రావడం లేదు. అంటే కోడిలో మొదట ఉన్నది "డ" కాదు, "ళ" కూడా కాదు. మూడో ధ్వని ఒకటి ఉండి తీరాలి.

ఒక్క కోడితో సరిపోదు. మన ఏడు కన్నడంలో ఏళు, తమిళంలో ఏఴు. మన పాడు అక్కడ హాళు, తమిళంలో పాఴ్. (ఇక్కడ "హ" చూసి కంగారు పడొద్దు. మన పాలు కన్నడంలో హాలు, పులి హులి. అదీ పద్ధతి ప్రకారం జరిగిన మార్పే.) ఊడిగం అక్కడ ఊళిగ, తమిళంలో ఊఴియం. ఇన్ని మాటల్లో ఒకే వరస కుదిరాకే పండితులు పాత రూపాన్ని *కోఴి అని రాస్తారు. ముందున్న నక్షత్రం గుర్తుకు అర్థం, ఈ రూపం ఎక్కడా రాసి దొరకలేదు, పోల్చి కట్టినది అని.

ఈ లెక్క గాలిమేడ అనేవాళ్లు మన శాసనాలు చూడాలి. ఆరో శతాబ్దం నుంచి కడప వైపు దొరికే రేనాటి తెలుగు శాసనాల్లో ఈ ధ్వనికి వేరే అక్షరమే ఉంది. రేనాటిని ఏలిన రాజుల పేరు చోఴ అని చెక్కారు. తర్వాతి కాలంలో అక్షరం పోయింది, ధ్వని "డ"లో కలిసింది, వాళ్లు మనకు తెలుగు చోడులయ్యారు. మన వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుడి శాసనంలో చోడ రాజు చోడోదయుడి పేరుంది. గుడికి వెళ్లి సెల్ఫీ దిగి వచ్చేవాళ్లకు, కోడిలోని "డ", ఆ చోడలోని "డ" ఒకే దారిన వచ్చాయని ఎవరైనా చెబితే బాగుండు.

"చూశారా, తమిళమే పాతది నిలబెట్టింది" అని వెంటనే ఎగరొద్దు. చెవి దగ్గరికి రండి. తమిళంలో చెవి, మనకూ చెవి, కన్నడంలో కివి. గోండిలోనూ మొదట "క"నే. "ఇ, ఎ"ల ముందు "క" మెత్తబడి "చ" అయిపోవడం చాలా భాషల్లో జరిగేదే, "చ" గట్టిపడి "క" కావడం అరుదు. కాబట్టి ఇక్కడ పాత హల్లును నిలబెట్టింది కన్నడం, గోండి. మార్చుకున్నది తమిళం, మనం. ఒక్కో భాష ఒక్కో ముక్కను దాచుకుంది. ఇవన్నీ అక్కచెల్లెళ్లు, వాటి తల్లి ఇప్పుడు ఎవరి నోటా లేదు.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. అమ్మ, కాకి లాంటివి సాక్ష్యానికి పనికిరావు. పసిపిల్లల పలుకులు, పిట్ట అరుపులు సంబంధం లేని భాషల్లోనూ కలుస్తాయి. అప్పు తెచ్చుకున్న మాటలు వరసను చెడగొడతాయి, కాబట్టి ముందు వాటిని ఏరెయ్యాలి. *కోఴి ఏ శతాబ్దంలో పలికారో కూడా ఈ లెక్క చెప్పదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉంది. ఈ వాదనల్లో గోండి, కొలామి, కోయ మాటెత్తేవాళ్లే ఉండరు. ఉట్నూరు సంతలో, ములుగు ఊళ్లలో రోజూ వినే భాషలవి. పాత కావ్యాలు లేవని వాటిని "యాస" అని తీసిపారేస్తారు. ఈ లెక్కలో కావ్యం ఉన్న భాషకు రెండు ఓట్లు లేవు. గోండి కోర్, తమిళ కోఴి ఒకే వరసలో కూర్చుంటాయి. ఇకమీద నా దగ్గర ఎవరైనా ఒక్క మాట చూపించి పుట్టుక తేల్చేస్తే, అదే తేడా వచ్చే ఇంకో మూడు మాటలు చూపించమని అడుగుతాను, అందులో ఒకటి గోండి మాట ఉండాలి.