‘ఉన్నతి’ కోసం ఏ షిఫ్ట్ ఇన్‌ఛార్జీ మనిషిని వదలడు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలోనో, కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీల వైపో పనిచేసేవాళ్ళకు కంపెనీ శిక్షణ కార్యక్రమాల ఈ పేర్లు కొత్తగా చెప్పక్కర్లేదు. ఉన్నతి, ప్రేరణ, స్ఫూర్తి, ఉత్కర్ష. హైదరాబాద్ హెడ్డాఫీసులో ఎవరో పెడతారు, పోస్టరు మీద ఉదయించే సూర్యుడు ఉంటాడు, నోటీసు బోర్డు మీద నెలరోజులు ఉండి రంగు వెలుస్తుంది. శిక్షణ రోజున పిలిచిన ముప్పై మందిలో సగం కుర్చీలు ఖాళీ. అప్పుడు హెచ్‌ఆర్ వాళ్ళు ‘మన వాళ్ళకు నేర్చుకోవాలన్న ఆసక్తి లేదు’ అని రిపోర్టు రాసుకుంటారు.

ఆసక్తి లేక కాదు, పేరు చూస్తే అది ఎందుకో ఎవరికీ తెలియక. శిక్షణ కార్యక్రమానికి పెట్టే పేరు ఒక్క విషయం చెప్పాలి: అది పూర్తిచేసిన మనిషికి, నిన్నటిదాకా లేని ఏ అనుమతి రేపటి నుంచి వస్తుంది? అది చెప్పలేని పేరు ఎంత అందంగా ఉన్నా, ఆ పేరును మొట్టమొదట చదివేవాడి దగ్గరే ఓడిపోతుంది. ఆ మొదటి పాఠకుడు ఉద్యోగి కాదు, అతన్ని లైను మీద నుంచి వదలాల్సిన షిఫ్ట్ ఇన్‌ఛార్జి. కంటైనర్ లోడింగు ఉన్న రోజున ‘ఉన్నతికి పంపండి సార్’ అంటే ఆయన పంపడు. పంపకపోవడంలో ఆయన తప్పూ లేదు.

మండపేట వైపు ఉప్పుడు బియ్యం మిల్లుకు వెళ్ళి చూడండి. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్‌కు ఎవరూ పోస్టరు వేయలేదు, ట్యాగ్‌లైను రాయలేదు. అయినా దాని కోసం కుర్రాళ్ళు రాత్రిళ్ళు చదువుతారు, పరీక్ష రోజున మిల్లు యజమానే సెలవిస్తాడు. కారణం ఒక్కటే. 1923 బాయిలర్ల చట్టం కాలం నుంచీ సర్టిఫికెట్ ఉన్న మనిషి లేకుండా బాయిలర్ నడపడం కుదరదు. సెకండ్ క్లాస్ వాడు ఎంత పరిమాణం బాయిలర్ దాకా చూడొచ్చో, ఫస్ట్ క్లాస్ వాడు ఎక్కడిదాకా వెళ్ళొచ్చో నిబంధనల్లోనే ఉంటుంది. ‘సెకండ్ క్లాస్ బాయిలర్ అటెండెంట్’ అన్న పేరులో ఉత్తేజం ఏమీ లేదు, కానీ ఆ మనిషి ఏం చేయగలడో, ఎక్కడ ఆగాలో రెండూ ఉన్నాయి.

ఎరువుల, రసాయనాల ప్లాంట్లలో ఐటీఐ వాళ్ళను అడిగితే ‘ఏఓసీపీ’ అంటారు. అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్ అని విడదీసి చెప్పేవాళ్ళు తక్కువే. ఆ నాలుగు అక్షరాలంత పొడి పేరు మరొకటి ఉండదు. అయినా దానికి విలువ ఉంది, దాని వెనక కంట్రోల్ ప్యానెల్ ముందు కూర్చునే పని ఉంది కాబట్టి.

ఇప్పుడు కంపెనీ లోపలి కార్యక్రమానికి వద్దాం. ఒక పెద్ద రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీ అనుకుందాం. గ్రేడింగ్ టేబుల్ దగ్గర నాలుగైదేళ్ళు చేసినవాళ్ళలోంచి సూపర్వైజర్లను తయారుచేయడానికి ఆరు వారాల శిక్షణ పెట్టింది. పాత పేరు ‘ఉన్నతి’. మార్చమంటే హెడ్డాఫీసు నుంచి వచ్చే మొదటి సూచన ‘ఫ్లోర్ లీడర్‌షిప్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్’. రెండోది కాస్త తెలివైనది, ‘లైన్ సూపర్వైజర్ శిక్షణ’. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆగకూడదు. ఆ శిక్షణలో ఇరవై మంది ఉండి, ఈ ఏడాది ఖాళీ అయ్యే సూపర్వైజర్ పోస్టులు నాలుగే ఉంటే, మిగతా పదహారు మందికి ఆ పేరు అబద్ధమవుతుంది. వచ్చే బ్యాచ్‌కు ఆ పదహారు మందే ప్రచారకులు. ‘నేనూ చేశాను, ఏమొచ్చింది?’ అన్న ఒక్క మాట క్యాంటీన్‌లో పడితే చాలు, పేరు మళ్ళీ మార్చుకోవాల్సిందే.

అందుకే పేరు పోస్టు మీద కాదు, అనుమతి మీద పెట్టాలి. పోస్టులు నాలుగే ఉండొచ్చు, అనుమతి ఇరవై మందికీ ఇవ్వొచ్చు. ఈ ప్లాంటులో ఆ అనుమతి ఏమిటో వెతికితే మెటల్ డిటెక్టర్ దగ్గర దొరుకుతుంది. ప్యాకింగ్ అయిన సరుకు దాని మీదుగా వెళ్తుంది. సాధారణంగా గంటకోసారి మూడు టెస్ట్ పీసులు పంపి చూస్తారు: ఒకటి ఇనుము, ఒకటి ఇనుము కాని లోహం, ఒకటి స్టెయిన్‌లెస్ స్టీల్. మూడింటిలో ఏ ఒక్కదాన్ని యంత్రం పట్టుకోకపోయినా లైను ఆపాలి. కిందటిసారి సరిగ్గా పట్టుకున్న సమయం నుంచి ఇప్పటిదాకా వెళ్ళిన సరుకంతా పక్కన పెట్టి, యంత్రం సరిచేశాక మళ్ళీ దాని మీదుగా పంపాలి. ఆ సరుకు లాట్‌ను అలా పక్కన పెట్టడాన్నే ఫ్లోర్ మీద ‘హోల్డ్’ అంటారు. హోల్డ్ పెడుతూ రికార్డు షీటు మీద సంతకం చేసే హక్కు చిన్నదేమీ కాదు. ఆ సంతకంతో గంట ఉత్పత్తి ఆగిపోతుంది, ప్రొడక్షన్ మేనేజర్ మొహం మాడిపోతుంది. శిక్షణ పేరు ‘లాట్ హోల్డ్ సంతకం’ అని పెట్టండి. పరీక్ష పాసైనవాళ్ళ పేర్లు మెటల్ డిటెక్టర్ పక్కన అతికించండి. ‘రాత్రి షిఫ్టులో హోల్డ్ సంతకం ఉన్నవాళ్ళు ఒక్కరే ఉన్నారు, ఇంకొకరిని తయారుచేయాలి’ అని షిఫ్ట్ ఇన్‌ఛార్జే మనిషిని పంపుతాడు. ఆ లోటు తన రోస్టర్‌లో ఆయనకే కనిపిస్తుంది కదా.

ఇలా వెతికినప్పుడు ఏ అనుమతీ దొరక్కపోతే, సమస్య పేరులో లేదు, శిక్షణలో ఉంది. దాన్ని రద్దు చేయడమే మర్యాద.

పేరు కాగితం మీద బాగుండటం వేరు, కంపెనీ వ్యవస్థలో బతకడం వేరు. తెలుగు పేర్లకు మన దగ్గర ఒక ప్రత్యేకమైన చిక్కుంది. స్క్రీన్ మీద వాటిని ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. ఒక యూనిట్‌లో `Unnati` అని, ఇంకో యూనిట్‌లో `Unnathi` అని. స్ఫూర్తి అయితే మరీ ఘోరం: `Spurthi`, `Sphoorthi`, `Sphurti`. ఏడాది చివర శిక్షణ రిపోర్టు తీస్తే ఒకే కార్యక్రమం మూడు వరుసలుగా వస్తుంది, హాజరు మూడో వంతు కనిపిస్తుంది. విదేశీ కొనుగోలుదారు తరఫు ఆడిటర్ ఫలానా ఆపరేటర్ శిక్షణ రికార్డు చూపమంటే సెర్చ్‌లో దొరకదు. మందు సులువు. ప్రతి కార్యక్రమానికీ `QA-HOLD-1` లాంటి మారని కోడ్ ఒకటి ఇచ్చి, రికార్డులన్నీ దాని మీదే నడపాలి. పైకి కనిపించే పేరు ఎప్పుడు మారినా కింద కోడ్ మారకూడదు.

పొట్టి అక్షరాలు కూడా ముందే చూసుకోవాలి, జనం ఎలాగూ కుదిస్తారు. ‘ప్లాంట్ ఇండక్షన్ ప్రోగ్రామ్’ అని నిష్కల్మషంగా పెడతారు, వారం తిరిగేసరికి అది ‘పిప్’ అవుతుంది. పనితీరు బాగాలేని ఉద్యోగికి పెట్టే గడువు పేరు కూడా పెద్ద కంపెనీల్లో పిప్పే, పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్. ‘నన్ను పిప్‌లో వేశారు’ అని కొత్త కుర్రాడు ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళ నాన్నకు ఆ రాత్రి నిద్ర ఉండదు. పేరు చివర ‘2.0’ తగిలించడం ఇంకో జబ్బు. మొదటిది పనిచేయలేదని కంపెనీయే ఒప్పుకున్నట్టు ఉంటుంది.

అందమైన పేరు పెడితే మనది అన్న భావం వస్తుందని, పొడి పేరు ప్రభుత్వాఫీసు ఫారంలా ఉంటుందని కొందరి వాదన. బీటెక్ చేసి వచ్చిన ట్రైనీలు లింక్డ్‌ఇన్‌లో రాసుకోవడానికి కాస్త హోదా ఉన్న పేరు అడుగుతారన్నదీ నిజమే. కానీ ‘ఉత్కర్ష పూర్తిచేశాను’ అని రాస్తే ఇంకో కంపెనీ వాడికి ఏం అర్థమవుతుంది? ‘లాట్ హోల్డ్ సంతకం అధికారం’ అని రాస్తే సీఫుడ్ రంగంలో ఎవరికైనా అర్థమవుతుంది.

పేరు ఖాయం చేసేముందు పెద్ద సర్వే అక్కర్లేదు. రెండు షిఫ్టుల నుంచి పదిమందిని తీసుకుని, పోస్టరు, వివరణ ఏమీ లేకుండా పేరు ఒక్కటే చెప్పి, ఇది ఎవరికి, అయ్యాక ఏం చేయొచ్చు అని అడగాలి. పదిలో ఏడుగురు రెండూ సరిగ్గా చెబితే ఉంచండి. ఆ పదిమందిలో ఇద్దరైనా షిఫ్ట్ ఇన్‌ఛార్జులు ఉండాలి. ఫ్రీజర్ కంప్రెసర్ మోతలో ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివాడికి వినపడాలి, అదీ చూడండి. పేర్ల పోటీ మాత్రం పెట్టొద్దు. శిక్షణకు వెళ్ళనివాళ్ళే ఎక్కువమంది ఓటేస్తారు, ఎప్పుడూ ఏదో ఒక ‘జ్యోతి’ గెలుస్తుంది.

మెంటరింగ్ విషయంలో ఈ సూత్రం పూర్తిగా నడవదు. అక్కడ చివర్లో ఇచ్చే అనుమతంటూ ఉండదు. అయినా పేరు ఏదో ఒకటి మాట ఇస్తూనే ఉంటుంది. కొత్తవాడికి మొదటి వారాల్లో లాకర్, బస్సు, షీట్లు నింపడం చూపించేవాడు ఒకడు. తన బాస్ కాని సీనియర్, నెలల తరబడి సలహా చెప్పేవాడు ఇంకొకడు. ప్రమోషన్ కమిటీలో తన తరఫున మాట్లాడేవాడు మూడోవాడు. ఈ ముగ్గురినీ కలిపి ‘మెంటర్’ అంటే, లాకర్ చూపించినవాడి నుంచి ప్రమోషన్ ఆశిస్తారు. ఆరు నెలలకు అది రాకపోతే మెంటరింగే బూటకం అంటారు. విడదీసి, గడువుతో చెప్పాలి. హోల్డ్ సంతకం పరీక్ష పాసైనవాడు సొంతంగా సంతకం పెట్టేముందు అనుభవమున్న సూపర్వైజర్‌తో కలిసి చేసే పన్నెండు షిఫ్టులకు ‘తోడు షిఫ్టులు’ అనండి. పన్నెండు షీట్ల మీద రెండు సంతకాలు ఉంటాయి, పదమూడో దాని మీద ఒకటే ఉంటుంది. సలహా చెప్పే సీనియర్‌కు ‘ఆరు నెలల మెంటర్’ చాలు.

అసలు నా కోపం ఇక్కడ ఉంది. డెల్టాలో పని ఎప్పుడూ పక్కన నిలబడే నేర్చుకున్నారు. పంటు మీద సరంగు పక్కన, మిల్లులో ఫిట్టర్ మేస్త్రీ పక్కన. ఈ ప్లాంట్లలోనూ నిజంగా నేర్పేది పదిహేనేళ్ళుగా టేబుల్ దగ్గర నిలబడి, చేత్తో పట్టుకునే 31/40 కౌంటో 41/50 కౌంటో, అంటే పౌనుకు ఎన్ని రొయ్యలు తూగుతాయో, చెప్పగల ఆడవాళ్ళు. కార్యక్రమానికి పేరు, లోగో, ప్రారంభోత్సవం ఉంటాయి. నేర్పే ఆ మనిషికి పేరు ఉండదు, గంటలు ఉండవు, పైసా అలవెన్సు ఉండదు. పైగా కొత్తవాళ్ళకు చూపిస్తూ ఉంటే ఆమె సొంత కిలోలు తగ్గుతాయి. కిలో లెక్కన కూలి ఇచ్చే చోట నేర్పడం అంటే ఆమెకు నష్టమే. తోడు షిఫ్టు అని పేరు పెట్టిన రోజున ఆమె పేరు కూడా రోస్టర్‌లో ‘తోడు’ అని పడాలి. ఆ షిఫ్టుకు కిలో లెక్క తీసేసి, అంతకుముందు నెల సగటు కూలి కట్టాలి. అది చేయని కంపెనీ పేర్ల కోసం ఏజెన్సీకి ఇచ్చే డబ్బు ముందు ఇటు మళ్ళించాలి.