సవరణ: నౌన్ ముందు ప్రతిసారీ ‘లైక్’ కాదు, ఒక్కోసారి ‘యాజ్’

“సార్, ఖాళీ తర్వాత నౌన్ ఉంటే లైక్ పెట్టమన్నారు కదా. మరి ‘షి వర్క్‌డ్ ___ ఎ నర్స్ ఫర్ టెన్ ఇయర్స్’కి కీలో యాజ్ ఇచ్చారేంటి?”

కీ కరెక్టే, తప్పు నాది. నౌన్ వస్తే లైక్, సబ్జెక్టూ వెర్బూ వస్తే యాజ్ అని మొన్న రాసేశాను. అది పోలిక చెప్పే వాక్యాల వరకే. ఉద్యోగం, హోదా, పాత్ర చెప్పేటప్పుడు నౌన్ ముందు కూడా యాజే రావాలి. ఆమె నిజంగానే పదేళ్లు నర్సుగా పనిచేసింది. అక్కడ లైక్ పెడితే ఆమె నర్సు కాదనీ, నర్సులా పనిచేసిందనీ అర్థం మారిపోతుంది. తెలుగులోకి మార్చి చూడండి: ‘నర్సుగా’ అని వస్తే యాజ్, ‘నర్సులా’ అని వస్తే లైక్. నౌన్ ఉన్నచోట ఈ చిట్కా దాదాపు ప్రతిసారీ పనిచేస్తుంది.

ఇంకోటి. ‘సిటీస్ లైక్ హైదరాబాద్’ తప్పన్నాను. పెద్ద డిక్షనరీల వాడుక వివరణల్లో చూశాను, ఉదాహరణ చెప్పడానికి లైక్ కూడా చెల్లుతుంది. కాకపోతే ఆప్షన్లలో లైక్, సచ్ యాజ్ రెండూ ఉండి, తర్వాత వచ్చేవి ఉదాహరణలే అయితే సచ్ యాజ్ పెట్టండి. గ్రామర్ పట్టింపు ఎక్కువున్న పేపర్లలో లైక్ అంటే ‘హైదరాబాద్‌ను పోలిన వేరే సిటీలు’ అని, అసలు హైదరాబాద్‌నే లెక్కలోంచి తీసేస్తారు.