టర్న్‌లో ఫేజా, ఫేజ్‌లో టర్నా?

బోర్డు గేమ్‌లకు రూల్‌బుక్ రాసే మహానుభావులకు ముందుగా ఒక దండం. 24 పేజీలు, నిగనిగలాడే కాగితం, మూడు రాజవంశాల మధ్య పగ ఎలా రాజుకుందో పేజీన్నర కథ, ఏ చెక్క ముక్క ఏ రంగులో ఎన్ని ఉన్నాయో ఫొటోలతో సహా లెక్క. ఏ లోటూ చెయ్యలేదు. నా వంతు వచ్చినప్పుడు నేనేం చెయ్యాలి అన్న ఒక్క ముక్క తప్ప అన్నీ ఉన్నాయి.

ఆట పేరు చెప్పను. ఆ పుస్తకం మూడో పేజీలో ఇలా ఉంది: "ప్రతి రౌండ్‌లో ఆటగాళ్లు తమ టర్న్ ఆడతారు. టర్న్‌లో మూడు ఫేజ్‌లు: ఆదాయం, చర్యలు, ముగింపు." ఇంతవరకూ బాగుంది, ఎవరికైనా అర్థమవుతుంది. ఆరో పేజీకి వెళ్తే: "ఆదాయం ఫేజ్‌లో ఆటగాళ్లందరూ 2 నాణేలు తీసుకుంటారు." అందరూనా? నా టర్న్‌లోనా? మళ్లీ పక్కవాడి టర్న్‌లో కూడానా?

ఇక్కడ నలుగురు మనుషులు బల్ల చుట్టూ కూర్చున్నారని అనుకోండి. పుస్తకం పట్టుకున్నవాడు గట్టిగా చదువుతున్నాడు, మిగతా ముగ్గురూ నాణేల కుప్ప వైపు చూస్తున్నారు. "ఒరేయ్, నాకిప్పుడు డబ్బులొస్తాయా రావా?" అని ఒకడు. "అందరూ అని రాశాడు కదా, తీసుకో" అని ఇంకొకడు. సరే, తీసుకున్నారు. రెండోవాడి టర్న్ వచ్చింది, అందులోనూ ఆదాయం ఫేజ్ ఉంది, మళ్లీ అందరూ తీసుకున్నారు. ఇలా నాలుగు టర్న్‌లు తిరిగేసరికి ఒక్కొక్కరి చేతికి 8 నాణేలు. ఆటలో అన్నిటికన్నా ఖరీదైన భవనం 6 నాణేలు. కష్టపడి కూడబెట్టుకుని మూడో రౌండ్‌లో కొనాల్సిన కోటను మొదటి రౌండ్‌లోనే కొనిపారేశారు, పైగా చిల్లర మిగిలింది! ఆ పేజీన్నర కథలో మూడు వంశాలూ దేనికోసం తలలు నరుక్కున్నాయో ఇప్పుడు ఎవరికీ అంతుబట్టదు.

అప్పుడు ఆ నలుగురిలో కాస్త లెక్కలొచ్చిన మనిషి పెట్టె తిరగేసి నాణేలు లెక్కపెట్టింది. మొత్తం 40. టర్న్‌కు అందరికీ కలిపి 8 చొప్పున పోతే, ఎవరూ ఖర్చు పెట్టకపోతే, ఐదు టర్న్‌లకు, అంటే రెండో రౌండ్ మొదటి టర్న్‌కే బ్యాంకు ఖాళీ. కాబట్టి ఆదాయం రౌండ్‌కు ఒకసారే వచ్చి ఉండాలని ఆవిడ తీర్పు చెప్పింది. ఈ పద్ధతి పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి: రూల్ రెండు రకాలుగా అర్థమైతే, పెట్టెలో ఉన్న ముక్కల లెక్కకీ, వస్తువుల ధరలకీ ఏ అర్థం సరిపోతుందో చూస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది. కాకపోతే ఆట ఆడదామని కూర్చున్నవాళ్లు ఆడిటర్ల పని చేస్తున్నారు, అంతే.

అసలు సంగతేమిటంటే, ఆ ఫేజ్‌లు టర్న్‌వి కానే కావు, రౌండ్‌వి. టర్న్ అనేది రెండో ఫేజ్‌లో మాత్రమే ఉంది. నేనొక చర్య, తరువాత పక్కవాడొక చర్య, అలా అందరూ పాస్ అనేదాకా. ఆ ఇల్లు కట్టినవాడు గది లోపల వీధిని పెట్టాడు, పైగా మనకు అడ్రసు వెతకడం రాదంటాడు.

ఇక పాస్. పాస్ అంటే ఈ ఒక్కసారికి వదిలేసినట్టా, రౌండ్ మొత్తానికి బయటికి పోయినట్టా? మొదటిదైతే ఎదుటివాడి ఎత్తు చూసి మళ్లీ దిగొచ్చు. రెండోదైతే పాస్ చెప్పడమే పెద్ద నిర్ణయం. ఒకే మాటలో రెండు వేరు వేరు ఆటలున్నాయి. పుస్తకంలో దీనికి జవాబు 17వ పేజీలో, పక్కన ఒక చిన్న డబ్బాలో, "చిట్కా" అన్న శీర్షిక కింద ఉంది: "ముందుగా పాస్ అయ్యేందుకు సంకోచించకండి, మీరు ఇక ఆడలేకపోయినా వచ్చే రౌండ్‌లో ఫస్ట్ ప్లేయర్ మీరే!" అయ్యా, అది చిట్కా కాదు, ఒక్క వాక్యంలో రెండు రూల్స్. ఇక చేతిలో 5 కార్డులకు మించి ఉండకూడదన్న సంగతి 19వ పేజీలో, కార్డుల అధ్యాయంలో. ఎప్పుడు ఉండకూడదు? ఎప్పుడూనా, ముగింపులోనా? అది మీ మనస్సాక్షికి వదిలేశారు.

దీన్ని తిరగరాయడానికి మహా పాండిత్యమేమీ అక్కర్లేదు. బల్ల మీద ఏది ఏ వరుసలో జరుగుతుందో ఆ వరుసలో, ఎవరు చెయ్యాలో ముందు చెప్పి రాస్తే చాలు:

"ఒక రౌండ్‌లో మూడు ఫేజ్‌లు ఉంటాయి. ఆదాయం ఫేజ్: అందరూ ఒకేసారి 2 నాణేలు తీసుకోవాలి. చర్యల ఫేజ్: ఫస్ట్ ప్లేయర్‌తో మొదలుపెట్టి, ఎడమ పక్కకు తిరుగుతూ ఒక్కొక్కరు ఒక్కో టర్న్ ఆడాలి. మీ టర్న్‌లో ఒక చర్య చెయ్యాలి, లేదా పాస్ చెప్పాలి. పాస్ చెప్పినవారికి ఈ రౌండ్‌లో ఇక టర్న్ రాదు. అందరూ పాస్ చెప్పగానే ఈ ఫేజ్ అయిపోతుంది. ముగింపు ఫేజ్: 5 కన్నా ఎక్కువ కార్డులున్నవారు అదనపు కార్డులు తీసేయాలి. అందరికన్నా ముందు పాస్ చెప్పినవారు ఫస్ట్ ప్లేయర్ టోకెన్ తీసుకోవాలి."

అంతే. సగం పేజీ. ఇదే ముక్క చిన్న కార్డు మీద అచ్చేసి తలా ఒకటి ఇస్తే పుస్తకం మళ్లీ తెరిచే పని కూడా తగ్గుతుంది. పాండెమిక్ అనే బోర్డు గేమ్ 2008లో వచ్చింది. అందులో టర్న్ అంటే 4 చర్యలు, 2 కార్డులు తీయడం, నగరాలకు రోగం అంటించడం. ప్రపంచాన్ని మహమ్మారి నుంచి కాపాడే పనిని అంత పొట్టిగా చెప్పగలిగారు, మీ మూడు వంశాల గొడవకు చోటు సరిపోలేదా?

మా ఆట చాలా లోతైనది, అందుకే అలా ఉంది అంటారు. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట కన్నా లోతా? దాని పూర్తి నియమావళి వందల పేజీలు, అయినా 500.1 అన్న నంబరు దగ్గర, టర్న్‌లో ఐదు ఫేజ్‌లు, ఈ వరుసలో, అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అయితే అది తగాదా తీర్చుకోవడానికి తెరిచే పుస్తకం, కొత్తవాళ్లు అది చదివి ఆట నేర్చుకోవాలని ఎవరూ అనరు. మన మహానుభావులు ఆ రెండు పనులూ ఒకే పుస్తకంతో చేయించబోయి రెండూ చెడగొట్టారు.

కంపెనీకి రాస్తే వచ్చే జవాబు తెలుసుగా: "వీడియో చూడండి." ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాదు. డబ్బు తీసుకుని పుస్తకం పెట్టెలో పెట్టి, అది చదివితే అర్థం కాదని మీరే ఒప్పుకుంటున్నారా? అక్కడ మొదటిసారి ఆడుతున్న మనిషి, పక్కవాళ్లు ఓపిక నశించి ఫోన్లు తీస్తుంటే, "నాకే బుర్ర లేదేమో" అనుకుని పుస్తకం మూసేస్తోంది. ఆ సిగ్గు మీరు పడాలి, ఆవిడ కాదు! టెస్టింగ్ చేశామంటారు. ఎవరితో? మీరే పక్కన కూర్చుని నేర్పించిన స్నేహితులతో. వాళ్లు ఆ పుస్తకం తెరవనే లేదు. ఆట పేరు కూడా వినని నలుగురికి సీలు తీయని పెట్టె ఇచ్చి, మీరు నోరు కట్టుకుని మూల కూర్చోండి. వాళ్లు ముందుకు చదువుతూ చదువుతూ వెనక్కి పేజీ తిప్పిన ప్రతిసారీ ఆ పేజీ నంబరు రాసుకోండి. వాళ్లు వెతుక్కుంటున్న వాక్యం ఉండాల్సింది ఆ చోటే. ఒక్క సాయంత్రం పని, అదీ చెయ్యరు.

అన్నట్టు ఇంకోటి మిగిలింది. చివరి పేజీలో "కార్డుల గుట్ట అయిపోగానే ఆట ముగుస్తుంది" అని ఉంది. అక్కడికక్కడేనా, ఆ రౌండ్ పూర్తయ్యాకా? అక్కడికక్కడే అయితే చివర కూర్చున్నవాడికి ముందు ఆడినవాళ్లకన్నా ఒక టర్న్ తక్కువ పడొచ్చు. "ఆ రౌండ్ పూర్తి చేసి ఆపండి" అనో, "వెంటనే ఆపండి" అనో రాయండి, ఏదైనా మాకు ఫరవాలేదు. చోటు కావాలంటే వంశాల కథలో రెండో తాతగారిని తీసేయండి.