నగలు తీసేసిన సుగాత్రి, పద్యాలు తీసేసిన కథ

మూడు వారాలుగా కర్నూలు నుంచి పాణ్యానికి నంద్యాల బస్సులో పోతూ వస్తూ కళాపూర్ణోదయం చదువుతున్నాను. నా పక్క సీట్లో రోజూ కూర్చునే ఆఫీసు మిత్రుడొకాయన మొన్న ఓర్వకల్లు దాటాక పుస్తకం వైపు చూసి, "ఆ పద్యాలన్నీ ఎందుకప్పా, కథ ఒక్కటి వచనంలో రాసిన పుస్తకాలు దొరుకుతాయి గదా, అది చదువుకో. రెండు రోజుల్లో అయిపోతుంది" అన్నాడు. ఆ రోజు నవ్వి ఊరుకున్నాను గానీ, మాట మాత్రం లోపల కెలుకుతూనే ఉంది. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిక లేనివాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన ఎనిమిది ఆశ్వాసాల కావ్యం ఇది. అంకితం తీసుకున్నది నంద్యాల కృష్ణరాజు. అంటే నా బస్సు ఆగే ఊరి పేరే ఆ రాజు ఇంటిపేరు. కథను పురాణంలోంచి తెచ్చుకోలేదు, సూరనే సొంతంగా అల్లాడు. మధ్యలో మొదలుపెడతాడు, ముందు జరిగింది ఎప్పుడో తర్వాత చెప్తాడు. ఒకే మనిషి రెండు పేర్లతో, రెండు రూపాలతో కనిపిస్తాడు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914లో 'కవిత్వతత్త్వ విచారము' రాసింది దీని మీదే. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో ఇంగ్లీషులోకి తెచ్చి, ఇది నవలే అని వాదించారు. అవునా కాదా అన్న గొడవ పండితులకు వదిలేస్తాను. "తర్వాత ఏమైంది" అనే ఆత్రంతో నేను పాణ్యం దగ్గర దిగాల్సింది మర్చిపోయి నంద్యాల దాకా పోయిన రోజొకటుంది. నా లెక్కలో అది నవలే.

మా మిత్రుడి వాదనకు బలం ఎక్కడుందంటే, అదే పుస్తకంలో ఉంది. ఆయనకు ఆ సంగతి తెలీదు, నేనూ చెప్పలేదు. సుగాత్రి కథ. కాశ్మీరంలో శారదాపీఠం దగ్గర శాలీనుడనే అతనికి సుగాత్రితో పెళ్లవుతుంది. శాలీనుడు పేరుకు తగ్గట్టే సిగ్గరి. ఆ పిల్ల నిండా నగలు పెట్టుకుని, పూలు తురుముకుని, గదిలోకి వస్తే కదలడు, పలకడు. అదే పిల్ల నగలన్నీ తీసి పక్కన పెట్టి తోటలోకి దిగి అతనితో పాటు పని చేస్తుంటే చూసి మనసు పారేసుకుంటాడు. వీళ్లిద్దరే మరో చోట మణిస్తంభుడు, సుముఖాసత్తి అనే పేర్లతో కథలో తిరుగుతుంటారు, అది వేరే సంగతి.

అంటే ఏమిటి? అలంకారం అడ్డం, అది తీసేస్తేనే మనిషి కనిపిస్తుంది. పద్యాలు తీసెయ్, కథ కనిపిస్తుంది అన్న మా మిత్రుడి మాటే కదా ఇది! ఒక సాయంత్రమంతా నాకు దీనికి జవాబు దొరకలేదు. అంతా చేసి, నగలు వద్దన్న ఆ కథను సూరన చెప్పింది మళ్లీ పద్యాల్లోనే. తనకు తెలియకుండా చేసే రకం కాదు ఆయన.

జవాబు కోసం నేను ఒక తిక్క పని చేశాను. ఆ తోట ఘట్టాన్ని సొంతంగా ఒక ఆటవెలదిలో చెప్పడానికి కూర్చున్నాను. ఆటవెలది అంటే మనకు కొత్తదేం కాదు, వేమన పద్యాలన్నీ దాదాపు ఆ కొలతే, కడప కర్నూలు పిల్లలకు ఒకటో రెండో నోటికి రానిదే ఉండదు. గణం అంటే పొట్టి, పొడుగు అక్షరాలను కొలిచి కట్టిన ముక్క; సూర్యగణం చిన్నది, ఇంద్రగణం పెద్దది. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగో పాదాల్లో అయిదూ సూర్యగణాలే. అంటే ఒక పాదం పొడుగు, దాని తర్వాతది కురచ. దీనికి తోడు ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం, పాదం మొదటి అక్షరంతో కలవాలి. దాన్నే యతి అంటారు.

మొదటి పాదం "నగలు తీసి పెట్టి" అని సులువుగా వచ్చేసింది. మూడు సూర్యగణాలు అయిపోయాయి. తర్వాత "చీరచెంగు" అని రాద్దామనుకున్నాను. గణం కుదిరింది గానీ యతి కుదరలేదు. పాదం 'న'తో మొదలైంది గనక అక్కడ 'న' గానీ, దానికి కలిసే అక్షరం గానీ కావాలి. అరగంట 'న' కోసం వెతికాను. ఒళ్లు వంచి పని చేసే ఆడమనిషిని కళ్ల ముందు పెట్టుకుని, పొలంలో మా అమ్మ ఎట్లా దిగేదో గుర్తు చేసుకుంటే "నడుము" దొరికింది. చీరచెంగు బట్ట. నడుము ఒళ్లు. నేను బట్ట గురించి రాయబోయాను, యతి నన్ను ఒళ్లు దగ్గరికి తీసుకుపోయింది. శాలీనుడు చూసిందీ అదే కదా.

చివరి పాదం కూడా అంతే. "మగువ యిపుడు దొరకె తోట నడుమ" అని రాశాను. గణాలు సరిపోయాయి. యతి లేదు, 'మ' కావాలి. తోట పోయి మట్టి వచ్చింది. తోట అంటే షికారుకు పోయే చోటు కూడా కావచ్చు. మట్టి అంటే పనే. మొత్తం ఇట్లా తేలింది:

నగలు తీసి పెట్టి నడుముకు కొంగును
చుట్టి మట్టి తవ్వఁ జూచె నతడు
నిన్న రాత్రి నగల నీడలో దాగిన
మగువ యిపుడు దొరకె మట్టి నడుమ

ఇది గొప్ప పద్యం అని నేను అనటం లేదు, బస్సు పద్యం. కానీ దీన్ని "నగలు తీసి పనిలో దిగిన భార్యను చూసి అతను ముచ్చటపడ్డాడు" అని వచనంలో చెప్పి చూడండి. సంగతి అంతా ఉంది. నడుము లేదు, మట్టి లేదు. మొదటి పాదం చివర "కొంగును" అని ఆగి, ఏం చేసింది అన్నది కింది పాదానికి దిగితే గానీ తెలియని ఆ క్షణం కూడా లేదు. ఛందస్సు నగ అనుకున్నాం గానీ, నాకు మాత్రం అది గడ్డపార లాగా పనికొచ్చింది. సుగాత్రి తీసి పెట్టింది నగలను, పనిని కాదు.

ఇక సూరన చేసింది చూస్తే, ఆయన పద్యాన్నీ వచనాన్నీ ఒకే పనికి వాడలేదు. ఫలానా వాళ్లు ఫలానా చోటికి పోయారు, ఇన్నాళ్లు గడిచాయి అని చకచకా నడిపించాల్సిన చోట వచనం బాగా పనికొస్తుంది. మనిషి నోరు తెరిచినప్పుడు కంద పద్యం బాగా కుదురుతుంది. కందం చిన్నది, నాలుగు మాత్రల గణాలు మొదటి పాదంలో మూడు, రెండో పాదంలో అయిదు, మళ్లీ మూడు, మళ్లీ అయిదు. మొదటి పాదం పుల్ల విరిచినట్టు ముగిసి, రెండోది సాగుతుంది. మాటకు మాట అప్పగించే చోట ఇది ఎంత బాగుంటుందో పైకి చదివితే గానీ తెలియదు. సీసం వచ్చిందంటే కథ ఆగిందని అర్థం. నాలుగు పెద్ద పాదాలు, ఒక్కొక్కటి రెండు ముక్కలుగా విరిగి, ఒక దృశ్యాన్ని నాలుగు వైపుల నుంచి చూపిస్తాయి. కింద గీత పద్యం. తెలుగు వాక్యానికి క్రియ చివర వస్తుంది గనక, ఎవరు ఏం చేశారన్నది కొన్నిసార్లు ఆ గీతం దాకా దాచిపెట్టొచ్చు. అంతసేపూ మనం ఊపిరి బిగబట్టాలి. వచనంలో అంత పొడుగు వాక్యం రాస్తే ఎడిటరు కొట్టేస్తాడు, పద్యంలో పాదాలు మనల్ని చెయ్యి పట్టుకుని దించుతాయి.

మరీ మోసేస్తున్నాననుకోకండి, పద్యం చేయలేనివీ ఉన్నాయి. ఈ కథలో నాకు బాగా నచ్చిన చోటు, అసలు రంభా, రంభ రూపం ఎత్తిన వేశ్య కూతురు కలభాషిణీ ఎదురుపడి నువ్వు దొంగవంటే నువ్వు దొంగవని కొట్లాడుకునే ఘట్టం. ఇద్దరికీ ఒకే రూపం, ఒకే తీరు మాట. ఇక్కడ పద్యం కలిసొచ్చింది, ఎందుకంటే పద్యంలో అందరి భాషా ఒకటే, మాటను బట్టి పట్టుకునే వీలు చదివేవాడికీ లేదు. కానీ ఇదే గుణం మిగతా చోట్ల లోటు. ఋషి, వేశ్య కూతురు, దేవత అందరూ ఒకే గ్రాంథికంలో మాట్లాడతారు. మన సీమ కథకుడైతే "యాడికి పోతుండావ్" అన్న ఒక్క మాటతో మనిషిని నిలబెడతాడు. సూరనకు ఆ వసతి లేదు.

ఇంకొకటి, పాదం నింపడానికి తోసేసిన మాటలు. ఎంతటి కవికైనా తప్పవు. కనిపెట్టడం కష్టం కాదు: అనుమానం వచ్చిన మాటను తీసేసి పద్యం అర్థం చెప్పుకోండి, ఏమీ తగ్గకపోతే అది కొలత కోసం వచ్చిన మాటే. మొదట్లో నేను చేసిన తప్పేమిటంటే, పేపరు చదివినట్టు ఎడమ నుంచి కుడికి అర్థం చెప్పుకుంటూ పోవడం. పది పద్యాలకే తల తిరిగింది. ఇప్పుడు ముందు క్రియ ఎక్కడుందో వెతుకుతాను, తర్వాత చేసిందెవరు, ఆ తర్వాత మిగతావి. టీక చూసి అర్థం కుదిరాక మళ్లీ మొదటి నుంచి, ఈసారి అర్థం పట్టించుకోకుండా, పైకి చదువుతాను. బస్సులో పెదాలు మాత్రమే కదుపుతాను లెండి. కర్నూలు నుంచి పాణ్యం దాకా ఎనిమిది పద్యాలు అయితే ఆ రోజు బాగా సాగినట్టు.

నిన్న మా మిత్రుడికి నా ఆటవెలది వినిపించాను. రెండుసార్లు చెప్పించుకుని, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, "రెండో పాదంలో ఆ 'అతడు' ఎందుకప్పా? చూసింది మొగుడే గదా, ఇంకెవరు చూస్తారు?" అన్నాడు. నిజమే. అక్కడ ఒక సూర్యగణం కావాల్సొచ్చి పెట్టిన మాట అది. తీసేసినా అర్థం తగ్గదు. శాలీనుడి సిగ్గు గురించి ఆ ఒక్క గణంలో ఒక మాట పట్టాల్సిన చోటు, నాకు దొరకలేదు. రాత్రి నుంచి అదే వెతుకుతున్నాను.