1-4-14 ఎక్కడండీ?

మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన నల్ల గ్రానైట్ పలక పెట్టించాలని సంఘం తీర్మానించింది. జాయింట్ సెక్రటరీని కాబట్టి ఏం చెక్కించాలో చూసే పని నా నెత్తిన పడింది. జాయింట్ సెక్రటరీ అంటే మోటారు పాడైనప్పుడు అందరూ ఫోన్ చేసే మనిషి. అంతకు మించి అధికారాలేమీ లేవు.

నేనేమీ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. పొద్దున్నే వచ్చే గుడ్‌మార్నింగ్ మెసేజీల్లో ఒకటి చాలా బాగుంది. ఉదయిస్తున్న సూర్యుడు, ఒక తామరపువ్వు, కింద శ్లోకం. "సర్వే భవంతు సుఖినః, సర్వే సంతు నిరామయాః, సర్వే భద్రాణి పశ్యంతు, మా కశ్చిద్ దుఃఖభాగ్భవేత్." దాని కింద చిన్న అక్షరాల్లో "బృహదారణ్యకోపనిషత్తు 1-4-14" అని ఉంది. ఉపనిషత్తు పేరు, పైగా నంబరు కూడా. నంబరు ఉన్నదాన్ని అనుమానించే అలవాటు మన ఇంటావంటా లేదు కదా! ముషీరాబాద్‌లో చెక్కే అతని దగ్గరికి వెళ్లి, నంబరుతో సహా చెక్కమన్నాను. అక్షరానికింత అని లెక్క. నంబరులోని అడ్డగీతలకు కూడా డబ్బు తీసుకున్నాడు.

ఆదివారం ఆవిష్కరణ. ప్రెసిడెంట్ గారు రిబ్బన్ కత్తిరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగో అంతస్తు మాస్టారు మాత్రం చప్పట్లు కొట్టకుండా కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఆయన సంస్కృత లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు.

"ఈ నంబరు ఎవరిచ్చారు నాయనా?" అన్నారు.

"ఉపనిషత్తులోదే మాస్టారూ."

"ఉపనిషత్తు నేను తెస్తా, ఉండు" అని లిఫ్ట్ ఎక్కారు. లిఫ్ట్ కిందికి వచ్చేసరికి నా కడుపులో టెన్షన్ మొదలైంది.

పుస్తకం తెరిచి 1-4-14 చదివారు. అక్కడ సుఖినః లేదు, నిరామయాః లేదు. ధర్మం గురించి ఉంది. బ్రహ్మం క్షత్రం అనే పాలించే శక్తినీ తక్కినవాటినీ సృష్టించినా ఇంకా నిండుతనం రాలేదట. అప్పుడు వాటన్నిటికంటే శ్రేష్ఠమైన ధర్మాన్ని సృష్టించిందట. "క్షత్రానికి కూడా క్షత్రం ధర్మమే, ధర్మానికి మించింది లేదు" అని ఉపనిషత్తు అంటుంది. ఆ వెంటనే మాస్టారు చదివిన వాక్యమే నా కొంప ముంచింది. "అథో అబలీయాన్ బలీయాంసమాశంసతే ధర్మేణ, యథా రాజ్ఞైవం." రాజు అండ ఉన్నవాడిలాగే, బలహీనుడు కూడా ధర్మం అండతో బలవంతుడి మీద గెలవగలను అనుకుంటాడని దాని అర్థం.

"మళ్లీ చెప్పండి మాస్టారూ" అన్నారు మూడో అంతస్తు వనజమ్మ గారు.

ఇక్కడ కొంచెం పూర్వకథ చెప్పాలి. ప్రెసిడెంట్ గారి కారు చాలా పెద్దది. తన గీత దాటి వనజమ్మ గారి స్కూటర్ చోటులోకి అడుగున్నర వస్తుంది. రెండేళ్లుగా ఇది నలుగుతోంది. మాస్టారు మళ్లీ చదివారు. వనజమ్మ గారు ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నారు. "ఇప్పుడు రాయి మీదే చెక్కించారు కదా, బలహీనులకు కూడా హక్కుందని" అన్నారు. ప్రెసిడెంట్ గారు నావైపు చూసిన చూపు గ్రానైట్ కంటే నల్లగా ఉంది.

ఆ మాట మార్చడానికని నేనే అడిగాను, "అయితే ఇది ఉపనిషత్తు కాదని ఎలా చెప్పగలరు మాస్టారూ? పెద్ద పుస్తకం కదా, ఇంకో చోట ఉండొచ్చుగా?"

"లెక్కపెట్టు" అన్నారు. "సర్, వే, భ, వం, తు, సు, ఖి, నః. ఎనిమిది. మిగతా మూడు పాదాలూ అంతే. అనుష్టుప్ ఛందస్సు. బృహదారణ్యకం ఎక్కువ భాగం వచనం. అక్కడక్కడ శ్లోకం ఉన్నా 'తదేష శ్లోకః' అని ముందుగా చెప్పి మరీ ఎత్తుకుంటుంది. ఇంకోటి, చివరి పాదం చూడు. 'మా' తర్వాత 'భవేత్' అంది. వేదభాషలో వద్దు అనడానికి ఈ 'మా' పక్కన మామూలుగా వేరే క్రియారూపం వస్తుంది. 'మా భవేత్' తరవాతి కాలం సంస్కృతానికి అలవాటైన తీరు. భాషే వయసు చెప్పేస్తుంది, మన మోకాళ్లలాగా."

మరి ఆ నంబరు ఎలా అంటుకుంది? మాస్టారి ఊహ ఇది. "అసతో మా సద్గమయ" నిజంగా ఆ ఉపనిషత్తులోదే, 1-3-28. యాగంలో ప్రస్తోత అనే ఋత్విక్కు సామగానం మొదలుపెట్టేటప్పుడు, యాగం చేయించే యజమాని జపించాల్సిన మంత్రం అది. మన బడుల్లో, సభల్లో "అసతో మా" తర్వాత "సర్వే భవంతు" అందుకుని, శాంతి మూడుసార్లు చెప్పి కూర్చుంటాం. పక్కపక్కన నిలబడినందుకు ఒకదాని చిరునామా రెండోదానికి అంటుకుని ఉంటుందని ఆయన అన్నారు.

"అంటే దొంగ శ్లోకమా?" అని ప్రెసిడెంట్ గారు ఆశగా అడిగారు. బిల్లు నా దగ్గర వసూలు చేయొచ్చని కాబోలు.

"దొంగదేమీ కాదు. ఊరూ పేరూ చెప్పని మంచి మనిషి లాంటిది" అన్నారు మాస్టారు. గరుడ పురాణంలో దీని అన్న ఉందట. అందులో మొదటి పాదం "సర్వేషాం మంగళం భూయాత్". మిగతా మూడూ ఇవే. నోట నోట తిరుగుతూ ముందు పాదం మారిపోయిన సుభాషితాలు మన దగ్గర బోలెడు. ప్రార్థనగా చెప్పుకోవడానికి అడ్డేమీ లేదు, కానీ ఉపనిషత్తు నంబరు తగిలిస్తేనే తప్పు.

"అయితే అది తీసేసి 'లోకాః సమస్తాః సుఖినో భవంతు' పెడదాం. అది ఖాయంగా వేదమే" అన్నారు ప్రెసిడెంట్ గారు.

మాస్టారు మళ్లీ కళ్లజోడు తుడిచారు. అదీ వేదం కాదట. రామాయణ పారాయణ అయ్యాక చదివే మంగళ శ్లోకంలో నాలుగో పాదం. వాల్మీకి రాసింది కూడా కాదు, చదివేవాళ్లు చివర కలుపుకున్నది. శ్లోకం మొత్తం ఇలా ఉంటుంది. "స్వస్తి ప్రజాభ్యః పరిపాలయంతాం న్యాయ్యేన మార్గేణ మహీం మహీశాః, గోబ్రాహ్మణేభ్యః శుభమస్తు నిత్యం, లోకాః సమస్తాః సుఖినో భవంతు." యోగా క్లాసుల్లో ఆఖరి పాదం ఒక్కటే తీసుకుని ముందు మూడూ వదిలేస్తారు.

"ఆ ముందుది ఏమంటుంది?" వనజమ్మ గారు ఫోన్ మళ్లీ పైకెత్తారు.

"ప్రజలకు మేలు కలగాలి, పాలకులు న్యాయమైన దారిలో భూమిని ఏలాలి అని."

"భూమిని అంటే పార్కింగ్ కూడానా?"

ప్రెసిడెంట్ గారు ఏ శ్లోకమూ వద్దన్నారు. అచ్చంగా గ్రంథంలోనే ఉన్న మాట కావాలంటే పాళీలో ఉందని మాస్టారు అప్పటికే మొదలుపెట్టేశారు. బౌద్ధుల గ్రంథం సుత్తనిపాతంలోని మెత్తసుత్తంలో "సుఖినో వ ఖేమినో హోంతు, సబ్బసత్తా భవంతు సుఖితత్తా" అని ఉందట. ప్రాణులన్నీ సుఖంగా, క్షేమంగా ఉండాలని. వణికేవీ, స్థిరంగా ఉన్నవీ, కనిపించేవీ, కనిపించనివీ, పుట్టినవీ, పుట్టబోయేవీ అని పేరుపేరునా లెక్కపెట్టి మరీ కోరుతుందట. పెద్ద కార్లను వేరుగా చెప్పలేదు.

మర్నాడు చెక్కే అతన్ని పిలిపించాను. చెక్కిన అక్షరం తుడవడం కుదరదన్నాడు. మైనం నింపి నల్లరంగు పూస్తానన్నాడు, కానీ ఎండకు అది ఊడుతుందట. శ్లోకం ఉంచి, ఉపనిషత్తు పేరు మీద, నంబరు మీద మాత్రం పూయించాం. మొదటి ఎండాకాలానికే ఉపనిషత్తు పేరు మీద రంగు అలాగే ఉండి, నంబరు మీద మాత్రం ఊడిపోయింది.

మా వైపు ఇంటి నంబర్లన్నీ ఒకటితోనే మొదలవుతాయి. ఇప్పుడు వారానికి రెండుసార్లయినా బిర్యానీ పొట్లంతో ఎవరో ఒక కుర్రాడు గేటు దగ్గర ఆగి, పలక చూసి, నాకు ఫోన్ చేస్తాడు.

"అన్నా, 1-4-14 వచ్చేసినా. సుఖినః గారు ఏ ఫ్లోర్?"